క్లీన్ ధర, డర్టీ ధర: నడుమ పోగుపడిన వడ్డీ

కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్ 8న పదేళ్ల గడువుతో ఒక బాండును జారీ చేసింది. మార్కెట్లో దాని పేరు 7.10% GS 2034. ఏటా నూటికి 7 రూపాయల 10 పైసల వడ్డీ, 2034లో అసలు తిరిగి రావడం, ఈ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. ఒక మదుపరి అదే ఏడాది జూలై 18, గురువారం నాడు, లక్ష రూపాయల ముఖ విలువకు ఈ బాండు కొన్నాడనుకుందాం. లెక్క కోసం తెర మీద కనిపించిన ధర 100.90 అని తీసుకుందాం. బాండ్ల ధరలు ఎప్పుడూ నూరు రూపాయల ముఖ విలువకే చెబుతారు. కాబట్టి లక్షకు 1,00,900 రూపాయలు కట్టాలి. కానీ అతని ఖాతాలోంచి పోయేది 1,02,891 రూపాయల 94 పైసలు.

అదనంగా పోయిన 1,991 రూపాయల 94 పైసలు బ్రోకరు కమీషనూ కాదు, పన్నూ కాదు. అది అమ్మినవారికి చేరాల్సిన వడ్డీ. తెర మీది 100.90ని క్లీన్ ధర అంటారు. వడ్డీ కలిసిన 102.8919ని డర్టీ ధర అంటారు. రెంటి నడుమ ఉన్న 1.9919 రూపాయలు పోగుపడిన వడ్డీ, బ్యాంకుల వాడుకలో అక్రూడ్ ఇంట్రెస్ట్. ఈ మొత్తం ఎలా పుడుతుంది, రోజులు ఎలా లెక్కిస్తారు, మార్కెట్ దీన్ని ధరలో కలపకుండా ఎందుకు విడిగా చెబుతుంది అన్నవి ఈ అధ్యాయం విషయాలు.

వడ్డీ ఎవరిది?

మన ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ ఏడాదికి రెండు విడతలుగా వస్తుంది. ఒక్కో విడతను కూపన్ అంటారు. మనం తీసుకున్న బాండుకు కూపన్ తేదీలు ఏప్రిల్ 8, అక్టోబరు 8. ప్రతి విడతకూ నూటికి 3 రూపాయల 55 పైసలు, అంటే లక్షకు 3,550 రూపాయలు వస్తాయి. రిజర్వ్ బ్యాంకు ఈ డబ్బును ఆ విడతకు రికార్డుల్లో బాండు ఎవరి పేరున ఉందో వారికే పూర్తిగా చెల్లిస్తుంది. వారు ఆర్నెల్ల క్రితం కొన్నారా, పది రోజుల క్రితం కొన్నారా అని చూడదు.

అలా చూడకపోవడానికి మంచి కారణం ఉంది. ఒకే పేరున్న బాండ్లన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలి. ఎవరి చేతిలో ఉన్న బాండుకైనా ఒకే తేదీన ఒకే కూపన్ రావాలి. అప్పుడే ఒకరి బాండును మరొకరి బాండుతో ఏ తేడా లేకుండా మార్చుకోవచ్చు. కొన్న తేదీని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో వడ్డీ ఇస్తే, ప్రతి బాండూ వేరే సరుకైపోయి మార్కెట్ ముక్కలవుతుంది. అందుకే ఎవరు ఎన్ని రోజులు బాండును దగ్గర పెట్టుకున్నారన్న లెక్క తేల్చుకోవడం ప్రభుత్వం పని కాదు. దాన్ని కొనేవారూ అమ్మేవారూ కొనుగోలు రోజే తేల్చుకుంటారు.

మన ఉదాహరణలో అమ్మినవారు ఏప్రిల్ 8 నుంచి జూలై దాకా ప్రభుత్వానికి అప్పిచ్చి కూర్చున్నారు. ఆ రోజులకు వడ్డీ వారి సొంతం. కానీ అక్టోబరు 8న 3,550 రూపాయలూ కొన్నవారి చేతికే వస్తాయి. కాబట్టి కొన్నవారు అమ్మినవారి వాటాను ముందే చేతికిచ్చి, అక్టోబరులో దాన్ని కూపన్‌తో పాటు రాబట్టుకుంటారు. పైరుతో ఉన్న పొలం చేతులు మారినప్పుడు భూమి ధర వేరుగా, నిలిచిన పైరుకు కట్టే డబ్బు వేరుగా మాట్లాడుకున్నట్టే ఇదీ.

కొత్తగా వేలంలో కొనేవారికీ ఇదే నియమం. ప్రభుత్వం ఒకసారి జారీ చేసిన బాండునే తర్వాతి నెలల్లో మళ్లీ మళ్లీ వేలం వేస్తుంది. అప్పుడు కొనేవారు వేలంలో తేలిన ధరతో పాటు, గత కూపన్ తేదీ నుంచి పోగుపడిన వడ్డీని కూడా ప్రభుత్వానికి కట్టాలి.

రోజుల లెక్క

ఎన్ని రోజుల వడ్డీ కట్టాలో తేల్చాలంటే ముందు రెండు తేదీలు కావాలి. మొదటిది గత కూపన్ తేదీ. రెండోది సెటిల్మెంట్ తేదీ, అంటే డబ్బూ బాండూ నిజంగా చేతులు మారే రోజు. బేరం కుదిరిన రోజు లెక్కలోకి రాదు. మన ప్రభుత్వ బాండ్లకు బేరం కుదిరిన మర్నాటి పని దినాన సెటిల్మెంట్ జరుగుతుంది. కాబట్టి జూలై 18, గురువారం కొన్నవారికి జూలై 19, శుక్రవారం సెటిల్మెంట్. అదే శుక్రవారం కొనుంటే సెటిల్మెంట్ సోమవారం, జూలై 22న జరిగేది. బేరంలో ఒక్క రోజే తేడా, వడ్డీలో మూడు రోజుల తేడా.

ఇక రెండు తేదీల నడుమ రోజులు ఎన్ని? మన ప్రభుత్వ బాండ్లకు 30/360 అనే పద్ధతి పాటిస్తారు. ప్రతి నెలకూ ముప్ఫై రోజులు, ప్రతి ఏడాదికీ మూడు వందల అరవై రోజులు అని ఊహిస్తారు. ఏప్రిల్ 8 నుంచి జూలై 8 దాకా మూడు నెలలు, అంటే 90 రోజులు. జూలై 8 నుంచి 19 దాకా 11 రోజులు. మొత్తం 101 రోజులు.

ఏడాది వడ్డీ 7.10 రూపాయలను 360తో భాగిస్తే రోజుకు 1.97 పైసలు వస్తాయి. దాన్ని 101తో గుణిస్తే 1.9919 రూపాయలు. లక్ష ముఖ విలువకు ఇదే 1,991.94 రూపాయలు. గుణించేది ముఖ విలువను మాత్రమే, మార్కెట్ ధరను కాదు. బాండును 95కు కొన్నా 105కు కొన్నా పోగుపడిన వడ్డీ మారదు. ఎందుకంటే ప్రభుత్వం కూపన్ ఇచ్చేది నూరు రూపాయల ముఖ విలువ మీదే.

ఎక్సెల్‌లో ఈ లెక్కను సరిచూసుకోవాలంటే ఒక్క వరుస చాలు:

```
=7.10*DAYS360(DATE(2024,4,8),DATE(2024,7,19),TRUE)/360
```

జవాబుగా 1.99194 వస్తుంది. శుక్రవారం బేరానికి చివరి తేదీని జూలై 22గా మారిస్తే రోజులు 104 అవుతాయి, వడ్డీ 2.0511 అవుతుంది. లక్షకు 59 రూపాయల తేడా. ఈ తేడా ఎవరికీ నష్టం కాదు. కొనేవారి డబ్బు ఆ మూడు రోజులూ వారి ఖాతాలోనే ఉంది, బాండు అమ్మేవారి దగ్గరే ఉంది. ఆ మూడు రోజుల వడ్డీ అమ్మేవారిదే కావడం న్యాయం.

ఏప్రిల్ 8నీ జూలై 19నీ రెంటినీ కలిపి లెక్కపెడితే 102 వస్తుంది, అది తప్పు. మొదటి తేదీని లెక్కిస్తే చివరి తేదీని వదిలేయాలి. జూలై 19 వడ్డీ కొన్నవారిది.

క్యాలెండరులో లేని రోజులు

ప్రతి నెలకూ ముప్ఫై రోజులనుకోవడం వల్ల కొన్ని వింతలు పుడతాయి. ఇదే బాండు తర్వాతి విడతను చూద్దాం. 2024 అక్టోబరు 8 నుంచి 2025 ఫిబ్రవరి 28 దాకా నాలుగు నెలల 20 రోజులు, అంటే 140 రోజులు. అదే మార్చి 1 దాకా లెక్కిస్తే 143 రోజులు. ఫిబ్రవరి 28కీ మార్చి 1కీ నడుమ గడిచింది ఒక్క రాత్రే అయినా వడ్డీ మూడు రోజులది పోగుపడింది. ఫిబ్రవరికి లేని 29, 30 తేదీలను పద్ధతి ఊహించుకుని ఆ లోటును ఒక్కసారిగా పూడ్చుకుంది.

ముప్ఫై ఒకటో తేదీ ఉన్న నెలల్లో దీనికి తలకిందుల వింత కనిపిస్తుంది. నెలకు ముప్ఫై రోజులే అన్నప్పుడు 31వ రోజుకు చోటు లేదు. ఈ చిక్కును తీర్చడంలో 30/360కి ఐరోపా రకం, అమెరికా రకం అని రెండు రూపాలు ఉన్నాయి. ఐరోపా రకంలో 31ని 30గా మార్చేస్తారు. కాబట్టి జూలై 30, 31 తేదీలకు పోగుపడిన వడ్డీ ఒక్కటే. అమెరికా రకంలో మొదటి తేదీ 30 లేదా 31 కాకపోతే 31ని అలాగే ఉంచుతారు. అప్పుడు జూలై 31కీ ఆగస్టు 1కీ వడ్డీ ఒక్కటవుతుంది. ఎలా చూసినా ఒక రోజుకు వడ్డీ పెరగదు. పైన ఇచ్చిన వరుసలో TRUE అని రాస్తే ఐరోపా రకం, FALSE అని రాస్తే అమెరికా రకం. మన ఉదాహరణలోని తేదీలకు రెండూ ఒకే జవాబిస్తాయి. రెండు లెక్కలు సరిగ్గా ఒక్క రోజు తేడాతో వస్తుంటే, సెటిల్మెంట్ తేదీ 31 అయిందేమో ముందు చూడాలి.

ఇన్ని వింతలున్నా ఈ పద్ధతి నిలబడడానికి కారణం దాని ముగింపు ఎప్పుడూ సరిగ్గా ఉండడమే. ఏప్రిల్ 8 నుంచి అక్టోబరు 8 దాకా క్యాలెండరులో 183 రోజులు. అక్టోబరు 8 నుంచి ఏప్రిల్ 8 దాకా మామూలు ఏడాదిలో 182 రోజులు. కానీ రెండు విడతలకూ ఇచ్చే కూపన్ ఒకటే, 3.55 రూపాయలు. 30/360లో ఏ విడతైనా 180 రోజులే కాబట్టి పోగుపడిన వడ్డీ కూపన్ రోజుకు కచ్చితంగా 3.55 దగ్గర ఆగుతుంది.

దీనికి బదులు క్యాలెండరు రోజులను 365తో భాగిస్తే ఏమవుతుందో చూడండి. మొదటి విడతలో 183 రోజులకు 3.5597 రూపాయలు పోగుపడుతుంది. రావాల్సిన కూపన్ కంటే దాదాపు ఒక పైసా ఎక్కువ. విడత చివరి రోజున కొన్నవారు 3.55 రూపాయల కూపన్ కోసం అంతకు మించిన వడ్డీ కట్టాల్సి వస్తుంది. రెండో విడతలో అంతే మొత్తం తక్కువ పడుతుంది.

ఈ తప్పు రాకుండా నిజమైన రోజులనే వాడుకునే మరో పద్ధతి యాక్చువల్/యాక్చువల్. గడిచిన అసలు రోజులను ఆ విడతలోని అసలు రోజులతో భాగించి, ఆ భిన్నంతో కూపన్‌ను గుణిస్తారు. మన కార్పొరేట్ బాండ్లకు సెబీ నిర్దేశించిన పద్ధతి పేరూ యాక్చువల్/యాక్చువలే, కానీ అక్కడ భాగించేది విడత రోజులతో కాదు, ఏడాదిలోని రోజులతో. మన ఉదాహరణకు విడత రోజులతో భాగించే పద్ధతి వాడితే ఏప్రిల్ 8 నుంచి జూలై 19 దాకా 102 రోజులు, విడతలో 183 రోజులు. 3.55ని 102తో గుణించి 183తో భాగిస్తే 1.9787 రూపాయలు. 30/360 జవాబు కంటే నూటికి 1.3 పైసలు తక్కువ.

లక్షకు ఇది 13 రూపాయలే. కానీ బ్యాంకులు బాండ్లు కొని అమ్మే ఎన్‌డీఎస్-ఓఎం వేదిక మీద మామూలు బేరం ఐదు కోట్లది. అక్కడ ఇదే తేడా 6,600 రూపాయలు దాటుతుంది. తప్పు పద్ధతి వాడినవారి లెక్క ఎదుటివారి లెక్కతో కుదరదు. అందుకే బాండు ఏ రకమో చూడకుండా వడ్డీ లెక్కించకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రిజర్వ్ బ్యాంకు ద్వారా వేలం వేసే రాష్ట్ర అభివృద్ధి రుణాలకు కేంద్ర బాండ్ల మాదిరిగానే 30/360 వర్తిస్తుంది. ట్రెజరీ బిల్లులకు కూపనే లేదు. వాటిని ముఖ విలువ కంటే తక్కువకు కొని గడువున పూర్తి విలువ పొందుతారు కాబట్టి పోగుపడిన వడ్డీ ప్రసక్తే రాదు.

ధరను విడగొట్టి చెప్పడం ఎందుకు?

ఎలాగూ కట్టేది డర్టీ ధరే అయినప్పుడు దాన్నే తెర మీద చూపించవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. జవాబు కోసం మార్కెట్లో వడ్డీ రేట్లు ఏమాత్రం కదలని ఒక ఆర్నెల్లను ఊహించుకుందాం. మదుపరులు ఈ బాండు మీద ఎప్పుడూ సరిగ్గా 7.10 శాతం రాబడే కోరుతున్నారనుకుందాం. అప్పుడు నూటికి ధరలు ఇలా ఉంటాయి:

| సెటిల్మెంట్ తేదీ | డర్టీ ధర | పోగుపడిన వడ్డీ | క్లీన్ ధర |
|---|---|---|---|
| ఏప్రిల్ 8 | 100.00 | 0.00 | 100.00 |
| జూలై 8 | 101.76 | 1.78 | 99.98 |
| అక్టోబరు 4 | 103.47 | 3.47 | 100.00 |
| అక్టోబరు 8 | 100.00 | 0.00 | 100.00 |

డర్టీ ధర రోజురోజుకూ పెరుగుతూ వెళ్లి, కూపన్ చెల్లించగానే మూడున్నర రూపాయలు పడిపోతుంది. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ పడుతుంది. గీత గీస్తే రంపపు పళ్లలా ఉంటుంది. ఈ కదలికల్లో కొత్త సమాచారం ఏమీ లేదు. ఆర్థిక వ్యవస్థలో ఏమీ జరగలేదు, రిజర్వ్ బ్యాంకు ఏ నిర్ణయమూ తీసుకోలేదు. రోజులు మాత్రమే గడిచాయి.

క్లీన్ ధర దాదాపు కదలకుండా ఉంది. కాబట్టి క్లీన్ ధర కదిలిందంటే దాని వెనుక అసలైన కారణం ఉందని అర్థం చేసుకోవచ్చు. వడ్డీ రేట్లు మారి ఉండాలి, లేదా ఆ బాండు మీద మదుపరుల అంచనా మారి ఉండాలి, లేదా గడువు దగ్గరపడుతూ ధర మెల్లగా నూరు వైపు జరుగుతూ ఉండాలి. రెండు బాండ్లను పోల్చేటప్పుడు కూడా ఇది అవసరం. ఒకదాని కూపన్ నిన్ననే వచ్చింది, మరోదాని కూపన్ రేపో మాపో రాబోతోంది అనుకోండి. ఒకే నాణ్యత, ఒకే రాబడి ఉన్నా వాటి డర్టీ ధరల్లో మూడు రూపాయల తేడా కనిపిస్తుంది. క్లీన్ ధరల్లో ఆ భ్రమ ఉండదు.

పట్టికలో జూలై 8 వరుసను మరోసారి చూడండి. క్లీన్ ధర 100 కాదు, 99.98. రేట్లు కదలకపోయినా అది ఒకటిన్నర పైసా కిందికి జారింది. కారణం పోగుపడిన వడ్డీని సరళంగా, రోజుకింత అని లెక్కించడమే. ఆర్నెల్లలో సగం గడిస్తే కూపన్‌లో సగం, 1.775 రూపాయలు అమ్మినవారికి ఇస్తారు. కానీ అమ్మినవారి వాటా వారికి ఇప్పుడే చేతికొస్తోంది, కొన్నవారు దాన్ని రాబట్టుకునేది మరో మూడు నెలలకు. ఆ నిరీక్షణకు మార్కెట్ విలువ కడుతుంది. చక్రవడ్డీ ప్రకారం సగం విడతకు పెరగాల్సింది 1.7595 రూపాయలే. ఆ తేడాను క్లీన్ ధర తనలోకి తీసుకుని కిందికి జరుగుతుంది. డర్టీ ధరే ఆర్థికంగా అసలైన విలువ. పోగుపడిన వడ్డీ అందరూ ఒప్పుకున్న ఒక సులువైన పంపకం. డర్టీ ధరలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది క్లీన్ ధర.

రాబడి లెక్కించేటప్పుడు ఈ వరుసను మరవకూడదు. గడువు దాకా రాబడి, అంటే యీల్డ్ టు మెచ్యూరిటీ తేల్చాలంటే ముందు ముందు వచ్చే కూపన్లనూ అసలునూ డర్టీ ధరతో సరితూచాలి. ఎక్సెల్‌లోని YIELD సూత్రం క్లీన్ ధరను అడిగి, పోగుపడిన వడ్డీని లోపల తానే కలుపుకుంటుంది. XIRR అలా చేయదు. దానికి ఖాతాలోంచి నిజంగా పోయిన మొత్తాన్నే ఇవ్వాలి. YIELDకి డర్టీ ధర ఇస్తే రాబడి తక్కువగా కనిపిస్తుంది. XIRRకి క్లీన్ ధర ఇస్తే ఎక్కువగా కనిపిస్తుంది.

తెర మీద ఉన్నది ఏ ధర?

రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో ప్రారంభించిన రిటైల్ డైరెక్ట్ ద్వారా ఇప్పుడు మామూలు పౌరులు కూడా పది వేల రూపాయల నుంచి ప్రభుత్వ బాండ్లు కొనవచ్చు. అక్కడ కొనేది ఎన్‌డీఎస్-ఓఎం మార్కెట్లో కాబట్టి కనిపించేది క్లీన్ ధర, వడ్డీ విడిగా కలుస్తుంది. స్టాక్ ఎక్స్చేంజీల్లో షేర్లతో పాటు క్యాష్ సెగ్మెంట్‌లో చేతులు మారే కంపెనీల ఎన్‌సీడీల సంగతి వేరు. అక్కడ తెర మీది ధరలోనే వడ్డీ కలిసి ఉంటుంది. వెయ్యి రూపాయల ఎన్‌సీడీ ధర 1,060 అని కనిపిస్తే అది మంచి బాండుకు మార్కెట్ ఇచ్చిన గౌరవమో, పది నెలలుగా పోగుపడిన వడ్డీయో ఆ అంకె ఒక్కటే చెప్పదు.

ఏ ధర చూస్తున్నామో తెలుసుకోవడానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి, గత ఏడాది ధరల గీత. కూపన్ తేదీల దగ్గర ప్రతిసారీ కూపనంత మేర ధర పడిపోయి ఉంటే అది డర్టీ ధర. రెండోది కాంట్రాక్టు నోటు. అందులో పోగుపడిన వడ్డీ ప్రత్యేక వరుసగా ఉంటే తెర మీద చూసింది క్లీన్ ధర. లేకపోతే వడ్డీ ధరలోనే ఉంది.

కూపన్ రాబోయే ముందు కొంటే నాలుగు రోజుల్లో ఆర్నెల్ల వడ్డీ చేతికొస్తుందన్న ఆశ చాలామందికి కలుగుతుంది. మన బాండుతోనే లెక్క వేద్దాం. 2024 అక్టోబరు 4న సెటిల్ అయ్యేలా క్లీన్ ధర 100.90కే కొన్నారనుకుందాం. ఏప్రిల్ 8 నుంచి 176 రోజులు, పోగుపడిన వడ్డీ 3.4711. లక్షకు కట్టేది 1,04,371 రూపాయల 11 పైసలు. అక్టోబరు 8న 3,550 రూపాయలు వస్తాయి. క్లీన్ ధర మారకపోతే చేతిలో మిగిలిన బాండు విలువ 1,00,900. రెండూ కలిపితే 1,04,450. లాభం 78 రూపాయల 89 పైసలు. అది సరిగ్గా నాలుగు రోజుల వడ్డీ. పోగుపడిన వడ్డీ విధానం ఉన్నదే ఇలాంటి తేరగా వచ్చే లాభం ఎవరికీ మిగలకుండా చూడడానికి.

ఖాతాలో ఎక్కడ రాయాలి?

కొన్నవారు కట్టిన ఆ వడ్డీ బాండు ఖరీదులో భాగమా, లేక ఖర్చా? ఈ ప్రశ్న మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బ్యాంకులు దీన్ని బ్రోకెన్ పీరియడ్ ఇంట్రెస్ట్ అంటాయి. దాన్ని బాండు ఖరీదులో కలపకుండా లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా చూపాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఆర్నెల్ల తర్వాత వచ్చే పూర్తి కూపన్ ఆదాయంగా నమోదవుతుంది, ముందు కట్టింది ఖర్చుగా తగ్గుతుంది, మిగిలేది బ్యాంకు నిజంగా సంపాదించిన వడ్డీ.

ఆదాయపు పన్ను దగ్గర దారి ఇంత తిన్నగా సాగలేదు. విజయా బ్యాంకు కేసులో ఇలా కట్టిన వడ్డీ బాండు కొనడానికి పెట్టిన పెట్టుబడిలో భాగమేనని, ఆదాయంలోంచి తగ్గించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు ఆధారంగా దశాబ్దాల పాటు బ్యాంకులకూ పన్ను శాఖకూ వివాదాలు నడిచాయి. 2024 అక్టోబరు 16న బ్యాంక్ ఆఫ్ రాజస్థాన్ కేసులో ఇచ్చిన తీర్పు దీన్ని తేటపరిచింది. బ్యాంకు ఆ బాండ్లను వ్యాపార సరుకుగా ఉంచుకుంటే కట్టిన వడ్డీని ఖర్చుగా తగ్గించుకోవచ్చు. గడువు దాకా పెట్టుబడిగా ఉంచుకునే బాండ్ల విషయం ఆయా కేసు వాస్తవాలను బట్టి తేలుతుంది. ఈ తీర్పు వచ్చింది బ్యాంకు వ్యాపారం గురించి. సొంత పొదుపుతో బాండు కొన్న వ్యక్తి తన రిటర్నులో ఈ మొత్తాన్ని ఎలా చూపాలో చార్టర్డ్ అకౌంటెంటును అడిగి తేల్చుకోవడం మంచిది. అప్పుడు కాంట్రాక్టు నోటులో విడిగా రాసిన వడ్డీ అంకె ఆధారంగా పనికొస్తుంది కాబట్టి ఆ కాగితాన్ని భద్రపరచాలి.

బాండు కొనేముందు నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి: గత కూపన్ తేదీ, సెటిల్మెంట్ తేదీ, ఆ బాండుకు వర్తించే రోజుల పద్ధతి, తెర మీది ధరలో వడ్డీ కలిసి ఉందా లేదా అన్నది. ఈ నాలుగూ తెలిస్తే ఖాతాలోంచి ఎంత పోవాలో ముందే పైసలతో సహా చెప్పవచ్చు. మీ లెక్కకూ బిల్లుకూ తేడా వస్తే డబ్బు కట్టకముందే కారణం అడగండి.